ఏడున్నర ఎంఎల్

డాక్టరమ్మ గదిలో తూకం మీద మా గిలక్కాయ పదమూడు కిలోల తొమ్మిది వందలు తూగింది. నేను ఛాతీ విరుచుకున్నాను.

గిలక్కాయ అంటే నా మనవరాలు. మూడేళ్ల పిల్ల. నిద్రలో తప్ప నోరు మూయదు కనక ఆ పేరు నేనే పెట్టాను. నెల రోజులుగా దానికి తిండి తినిపించే పని నాది. రోజూ ఒక పులి కథ చెప్తూ తినిపించేవాణ్ణి. ముద్ద ముద్దకీ పులి బరువు పెరిగేది. ఆఖరి ముద్దకి లారీ అంత అయ్యేది. పులితో పాటు పిల్ల కూడా పెరిగిందని అందరికీ డప్పు కొట్టుకుంటున్నాను.

డాక్టరమ్మ తూకం వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది.

"తాతగారూ, ఆ కోటు తీయండి."

"చలిగా ఉందమ్మా, పడిశం పడుతుంది."

"గదిలో ఫ్యాన్ కూడా లేదు. బూట్లూ తీయండి. ఆ జేబుల్లో ఏమిటి గలగలమంటోంది?"

జేబుల్లో రాళ్లు. దారిలో పిల్ల ఏరుకుంది. నేనూ కొన్ని ఏరి ఇచ్చాను, ఆ మాట ఇప్పుడు దాచి ఏం లాభం? అన్నీ తీశాక ముల్లు పన్నెండు దగ్గర ఆగింది. పక్కనున్న మా అమ్మాయి నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "నేను మందు రాసేది పిల్లకి, కోటుకి కాదు. ఈ కాగితంలో ప్రతి అంకె ఈ పన్నెండు మీద నిలబడి ఉంటుంది. ఇది తప్పితే అన్నీ తప్పుతాయి."

ఆ కాగితం సంగతి చెప్పాలి. మా అల్లుడు వంతెనలు కట్టే ఇంజనీరు. ఆరు నెలలు కొండల మధ్య పని పడింది. అక్కడికి కారులో నాలుగు రోజుల ప్రయాణం. ఆ చోటికి ఆసుపత్రి నాలుగు గంటల దూరం. పెళ్లాం బిడ్డల్ని వదిలి ఉండనన్నాడు, నేను లేకపోతే మా అమ్మాయికి తోచదన్నాడు. అందుకని నలుగురం బయల్దేరుతున్నాం. పిల్లకి దారిలో, అక్కడ, ఏం జబ్బు చేస్తే ఏం వేయాలో ఉత్తరం రాసిస్తానంది డాక్టరమ్మ.

మర్నాడే ఇచ్చింది. మూడు పేజీలు. పైన పిల్ల పేరు, వయసు, తేదీ, బరువు. ఆ కింద మందుల పెట్టెలో ఉండాల్సినవి వరసగా గళ్లు కొట్టి ఉన్నాయి. మందు పేరు ఒక గడిలో, కిలోకి ఎన్ని మిల్లీగ్రాములో ఒక గడిలో, పన్నెండు కిలోలకి మొత్తం ఎంతో ఒక గడిలో, సీసా మీద ఏ బలం ఉండాలో ఒక గడిలో, ఆఖరి గడిలో సిరంజితో ఎన్ని ఎంఎల్ తీయాలో. జ్వరానికి పారాసిటమాల్, కిలోకి పదిహేను చొప్పున నూట ఎనభై మిల్లీగ్రాములు, ఐదు ఎంఎల్‌లో నూట ఇరవై ఉన్న సిరప్ అయితే ఏడున్నర ఎంఎల్, ఆరేసి గంటలకి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. దానికీ తగ్గకపోతే ఐబుప్రొఫెన్, ఏమైనా తిన్నాకే, వాంతులూ విరేచనాలూ ఉన్నప్పుడు వద్దు. వాంతులకి ఒకటి. దురదకీ దద్దుర్లకీ ఒకటి, అది మటుకు బరువు మీద కాదు, వయసు మీద. ఓఆర్ఎస్ పొట్లాలు ఒక్కొక్కటి లీటరు నీళ్లలో, ఒక్కో విరేచనానికి కిలోకి పది ఎంఎల్ చొప్పున. థర్మామీటరు, పది ఎంఎల్ సిరంజి, దూది, పట్టీలు. చివర, మూడు నెలలకొకసారి బరువు చూసి తనకి ఫోన్ చేయమని.

అన్నీ చీమలు బారులు తీరినట్టు చిన్న చిన్న అక్షరాలు. మా అమ్మాయి కళ్లు చికిలించి చదివి, "పిల్ల ఏడుస్తుంటే ఇదంతా వెతుక్కుంటూ కూర్చోవాలా?" అంది.

అక్కడ నేను రంగంలోకి దిగాను.

నాది వీధిబడి చదువు. ఎక్కువ చదవలేదు గానీ చేతిరాత మాత్రం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఒక మందపాటి అట్ట తెచ్చాను. నల్ల సిరా, ఎర్ర సిరా తెచ్చాను. వాకిట్లో మంచం మీద ఉన్నవాడికి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో రాశాను. ఎర్ర సిరాతో "జ్వరం". దాని ఎదురుగా "ఏడున్నర ఎంఎల్, ఆరు గంటలకొకసారి". కిలోకి ఎంత, మొత్తం ఎంత, సీసా బలం ఎంత అన్న గళ్లన్నీ వదిలేశాను. సిరంజి మీద ఉండేది ఎంఎల్ గీతలే కదా, మిల్లీగ్రాములు ఎవరికి కావాలి? చదివేవాళ్లకి తలనొప్పి తప్ప. ఆ అట్టని మందుల పెట్టె మూతకి లోపల అంటించాను. మూత తెరిస్తే చాలు, కళ్లెదుట ఉంటుంది.

"భలే పని చేశారు మామయ్య గారూ" అన్నాడు అల్లుడు. "ఇలా ఉండాలి."

డాక్టరమ్మ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ని పెద్ద పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని కారు మీద తాళ్లతో కట్టేశారు.

మొదటి రోజు ప్రయాణం నవ్వులతో గడిచింది. నవ్వులంటే నావే అనుకోండి. మధ్యాహ్నం అందరూ కునికిపాట్లు పడుతుంటే, "ఆపు! ఆపు! బండి ఆపు!" అని అరిచాను. అల్లుడు గుండె జారి బ్రేకు తొక్కాడు. వెనకవాడు హారను మోగించి తిట్టుకుంటూ పోయాడు.

"ఏమైంది? టైరా?"

"అదుగో, ఆ మబ్బు చూడు. అచ్చం ఏనుగు తొండం ఎత్తినట్టు లేదూ?"

గిలక్కాయ చప్పట్లు కొట్టింది. అల్లుడు స్టీరింగు పట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"మామయ్య గారూ, మీ మీద ఒట్టు. ఇక మీరు ఆపమంటే ఆపను."

"కారు మీదకి నిజంగా ఏనుగు వచ్చినా?"

"వచ్చినా."

రెండో రోజు సాయంత్రం లాడ్జిలో దిగేసరికి పిల్ల ఒళ్లు కాలుతోంది. వాగుడు లేదు. గిలక్కాయ మోగకపోతే గదంతా ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. థర్మామీటరు నూట రెండున్నర చూపించింది. ఆరు గంటలకి పెట్టె మూత తెరిచారు. నా ఎర్ర అక్షరాలు మెరిసిపోయాయి. మా అమ్మాయి సిరంజితో ఏడున్నర తీసి బుగ్గలోకి నెమ్మదిగా పట్టించింది. గంటకి చెమటలు పట్టి పిల్ల పడుకుంది. నేను అట్ట వైపు చూసుకుని మురిసిపోయాను.

తెల్లారేసరికి జ్వరం మళ్లీ తిరగబెట్టింది. సరిగ్గా అదే సమయానికి మా అల్లుడు గడ్డం గీసుకుంటూ మోచేత్తో మందు సీసాని నెట్టాడు. గాజు సీసా. వాష్ బేసిన్ అంచు మీంచి పడి భళ్లుమంది. గదంతా తియ్యటి వాసన.

"ఎదురుగా మందుల షాపుంది, ఇప్పుడే తెచ్చేస్తాను" అన్నాడు.

"పద, నేనూ వస్తాను" అన్నాను.

షాపతను అప్పుడే షట్టరు సగం ఎత్తాడు. అల్లుడు మందు పేరు చెప్పి, మూడేళ్ల పాపకి అన్నాడు. షాపతను అరల్లో చూసి, "సిరప్ అయిపోయిందండీ. మధ్యాహ్నం వస్తుంది. అదే మందు డ్రాప్స్ ఉన్నాయి, ఇమ్మంటారా?" అన్నాడు.

అల్లుడు నా వైపు చూశాడు.

"అదే మందు కదా?" అన్నాను.

"అదే మందండీ. కాకపోతే ఇది..."

"అయితే ఇచ్చెయ్ నాయనా. పిల్ల మూలుగుతోంది అక్కడ."

అతను చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. అందులో వేలెడంత సీసా, రబ్బరు తలకాయ ఉన్న ఒక గాజు గొట్టం. "పాప బరువెంత? డోసు చెప్పమంటారా?" అని అడిగాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"డోసు మా డాక్టరమ్మ రాసిచ్చింది. నేను అచ్చేసినట్టు అట్ట మీద ఎక్కించాను. కావలిస్తే నీ షాపుకి కూడా ఒకటి రాసిపెడతాను. ఈ గొట్టం నువ్వే ఉంచుకో, మా దగ్గర సిరంజి ఉంది."

అతను ఏదో అనబోయాడు. మేం రోడ్డు దాటేశాం.

ఎనిమిది గంటలకి నేను స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి మందు వేయడం అయిపోయింది. పిల్లని కార్లో పడుకోబెట్టి బయల్దేరాం.

దారిలో పిల్లకి జ్వరం దిగింది, బాగా దిగింది. పదకొండింటికి లేచి కాస్త పాలు తాగింది. పులి కథ అడిగింది. "పులి ఎంత బరువుందో చెప్పు" అంది. "ముందు రెండు గుక్కలు తాగు, అప్పుడు తూస్తాను" అన్నాను. తాగలేదు. మళ్లీ కళ్లు మూసుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నుదురు మళ్లీ వెచ్చబడింది.

రెండింటికి ఒక మలుపు దగ్గర చెట్ల నీడలో ఆగాం. అటూ ఇటూ పది మైళ్లు ఇల్లు లేదు. వెనక సీట్లో మా అమ్మాయి పిల్లని ఒళ్లో పెట్టుకుని, పెట్టె మూత తెరిచి, అట్ట చూసి, సిరంజితో మందు లాగింది. నేను కారు బయట నిలబడి నడుం వంచి అటు చూస్తున్నాను.

సీసా ఖాళీ అయింది.

అడుగున ఒక్క చుక్క కూడా లేదు. సిరంజిలో ఏడున్నర గీత దాకా గులాబీ రంగు మందు.

"ఇదేమిటే, పొద్దున కొన్నాం, అప్పుడే అయిపోయిందా?"

"రెండు డోసులే వచ్చింది నాన్నా. చిన్న సీసా కదా."

బద్దలైన సీసా ఇంతకి నాలుగింతలు ఉండేది. అది ఎనిమిది డోసులు వచ్చేది. రెండు డోసులకి అయిపోయే జ్వరం మందు ఎవడైనా తయారు చేస్తాడా? నేను ఎన్నో అబద్ధాలు చెప్పినవాణ్ణి. నోట్లోంచి వచ్చేటప్పుడు అబద్ధానికి ఒక వాసన ఉంటుంది. ఆ సీసా దగ్గర నాకు ఆ వాసన వేసింది.

ఖాళీ సీసా తీసుకుని కళ్లద్దాలు ముక్కు చివరికి లాక్కుని చదివాను. "ప్రతి ఎంఎల్‌లో 100 మి.గ్రా."

ఇంకోసారి చదివాను.

ఆ గడి నాకు గుర్తుంది. మా ముగ్గురిలో ఆ గడిని ఎవరైనా శ్రద్ధగా చూశారంటే అది నేనే, ఎందుకంటే అది అక్కర్లేదని తేల్చింది నేను. ఐదు ఎంఎల్‌లో నూట ఇరవై. ఇక్కడ ఒక్క ఎంఎల్‌లోనే వంద. ఏడున్నర వందలు ఏడు వందల యాభై. డాక్టరమ్మ రాసింది నూట ఎనభై. వీధిబడి లెక్కకి కాగితం అక్కర్లేదు. నాలుగింతల పైన.

"ఆపు! వెయ్యకు!"

మా అమ్మాయి తలెత్తలేదు. "ఇప్పుడొద్దు నాన్నా, ప్లీజ్."

"వెయ్యకు అంటున్నానా! మందు తప్పు!"

"మామయ్య గారూ," అల్లుడు బానెట్ మీద మ్యాపు పరుచుకుంటూ అక్కణ్ణించే అన్నాడు, "ఈసారి మబ్బులో ఏం కనపడింది?"

పిల్ల నోరు తెరిచింది. దానికి ఆ తీపి ఇష్టం. సిరంజి మూతి పెదవి దాకా వెళ్లింది.

చెప్పి ఒప్పించే టైము లేదు. ఒప్పించే పరువూ నాకు లేదు. చెయ్యి చాపి సిరంజి లాక్కున్నాను. మా అమ్మాయి గట్టిగా పట్టుకుంది, మళ్లీ లాగబోయింది. మొత్తం నా నోట్లో పెట్టుకుని నొక్కేశాను. మింగేశాను.

మా అమ్మాయి అరిచింది. "నీకు పిచ్చా నాన్నా! జ్వరంతో ఉన్న పిల్ల మందుతో కూడా ఆటలా! ఆ మందు అదే ఆఖరిది!"

"ఆట కాదమ్మా." ఖాళీ సీసా తన చేతిలో పెట్టాను. "ఇది చదువు. పైకి చదువు."

చదివింది. అల్లుడు పరుగున వచ్చి ఆమె భుజం మీంచి చదివాడు. వంతెనలు కట్టేవాడు కదా, అంకె చూడగానే ముఖం మారింది. నూట ఎనభై, ఏడు వందల యాభై అని గొణుక్కున్నాడు. తర్వాత అందరికీ ఒకేసారి ఒకే సంగతి తట్టింది.

పొద్దున ఎనిమిదింటికి వేసింది కూడా ఇదే సీసాలోది. అది మింగేసింది పిల్ల.

మా అమ్మాయి పిల్లని గుండెకి హత్తుకుంది. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఫోన్లలో సిగ్నల్ లేదు. అల్లుడు బండి తిప్పకుండా ముందుకే పోనిచ్చాడు. ముందు వచ్చే ఊరు ముప్పై మైళ్లు, వెనక ఊరు అరవై. పిల్ల మాట్లాడితే బాగుండునని ముగ్గురం చెవులు రిక్కించి కూర్చున్నాం. పిల్ల నిద్రపోతోంది. జ్వరం నిద్రా, మందు నిద్రా? నేను దాని బొటనవేలు పట్టుకుని నొక్కాను. కాలు లాక్కుంది. కాసేపాగి మళ్లీ నొక్కాను. మళ్లీ లాక్కుని "తాతా, పో" అంది. ఆ "పో" కంటే తీయని మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఇరవై నిమిషాలకి ఫోన్లో గీతలు లేచాయి. మూడోసారి డాక్టరమ్మ ఎత్తింది. అల్లుడు ఫోన్‌ని అందరికీ వినపడేలా పెట్టి, బండి పక్కకి తీశాడు. మా అమ్మాయి మొదలుపెట్టింది గానీ ఏడుపు అడ్డం పడింది.

"ఏడవకండి. ముందు ఇది చెప్పండి. పాపని లేపితే లేస్తోందా?"

"లేస్తోంది."

"మిమ్మల్ని గుర్తుపడుతోందా? వాంతులు?"

"గుర్తుపడుతోంది. వాంతులు లేవు."

"సీసా ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరమ్మా" అన్నాను.

"తాతగారూ, దాని మీద ఉన్నది ఉన్నట్టు చదవండి. ఒక్క అంకె కలపకండి, ఒక్కటి తీయకండి."

చదివాను. మందు పేరు, బలం, సీసాలో ఎన్ని ఎంఎల్, తేదీ. బడిలో మాష్టారు ముందు నిలబడి ఎక్కం అప్పజెప్పినప్పుడు కూడా అంత భయపడలేదు.

"ఎన్నిసార్లు పడింది?"

"నిన్న సాయంత్రం ఆరింటికి పాత సీసాలోంచి ఏడున్నర. రాత్రి వేయలేదు. పొద్దున ఎనిమిదింటికి దీంట్లోంచి ఏడున్నర."

"రెండింటికి?"

"పడలేదు. నేను తాగేశాను."

"మీరు తాగేశారా?"

"చెప్తే నమ్మరనిపించిందమ్మా."

అవతల ఒక నిట్టూర్పు. "మీ బరువెంత?"

"అరవై రెండు."

"కిలోకి పన్నెండు. మీ బరువుకి సరిపోయింది. మీరిక ఇవాళ ఏమీ వేసుకోకండి." తర్వాత ఆవిడ గొంతు గట్టిపడింది. "ఇప్పుడు జాగ్రత్తగా వినండి. పాపకి పొద్దున ఒక్కసారికి కిలోకి అరవై రెండున్నర పడింది. ఒక్కసారికి భయపడాల్సిన గీత దానికి రెట్టింపు పైనే ఉంది. కానీ నిన్న సాయంత్రందీ కలిపితే రోజు మొత్తానికి ఉండాల్సిన హద్దు కొంచెం దాటింది. పైగా జ్వరం, సరిగ్గా తినడం లేదు. అందుకని వదిలేయను. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్లండి. రక్తంలో మందు ఎంతుందో, కాలేయం ఎలా ఉందో చూడమనండి. మందు పడి నాలుగు గంటలు దాటాలి, ఆరు దాటింది కాబట్టి వెళ్లగానే తీయొచ్చు. అక్కడి డాక్టర్‌తో నేను మాట్లాడతాను. ఈ మందు నేను చెప్పేదాకా ఒక్క చుక్క వద్దు. నీళ్లు తాగించండి."

మా అమ్మాయి అడిగింది. "ఆ రెండోది కూడా వేసుంటే?"

"వేయలేదు కదమ్మా."

"వేసుంటే?"

"వేసుంటే నేనిప్పుడు ఇంత నెమ్మదిగా మాట్లాడేదాన్ని కాదు."

ఆసుపత్రి చిన్నదే. మెట్లెక్కుతుండగా పిల్ల మా అల్లుడి భుజం మీద భళ్లున కక్కింది. పాలు. పొద్దుటి నుంచీ లేని వాంతి. గోడ పట్టుకుని ఎక్కాను.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. పిల్ల కళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, తూకం మీద నిలబెట్టాడు. మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే కోటూ బూట్లూ తీసేసింది. పన్నెండు. రక్తం తీసేటప్పుడు పిల్ల ఆసుపత్రి పైకప్పు ఎగిరేలా ఏడ్చింది. "అరవనివ్వండి, మంచిదే" అన్నాడు ఆ అబ్బాయి. తర్వాత అడిగాడు. "డోసు ఎవరు చెప్పారు? కాగితం ఏదైనా ఉందా?"

అల్లుడు కిందికి పరుగెత్తి, కారు మీద తాళ్లు విప్పి, పెద్ద పెట్టె దింపి, ఫైలు తెచ్చాడు. డాక్టరు మూడు పేజీలు తిప్పి, "అంతా సరిగ్గానే రాశారే" అన్నాడు. మొదటి పేజీ అడుగున ఒక వాక్యం. కింద రెండు గీతలు. మొదటిసారి నేను దాన్ని పూర్తిగా చదివాను. "సీసా మారితే ఎంఎల్ మారుతుంది. మిల్లీగ్రాములు మారవు. కొత్త సీసా కొంటే ముందు బలం చూడండి."

"మరి ఎక్కడ తేడా వచ్చింది?" అన్నాడు డాక్టరు.

అల్లుడు నోరు తెరిచాడు. నన్ను కాపాడదామనే, నాకు తెలుసు. షాపువాడి మీదకి తోసేస్తాడు.

"నా దగ్గర" అన్నాను. "నేను అట్ట మీద ఎత్తి రాశాను. రాస్తూ ఈ గళ్లు వదిలేశాను. మందులషాపతను డోసు చెప్తానంటే వద్దన్నాను. కొలిచే గొట్టం ఇస్తే తిరిగి ఇచ్చేశాను. వీళ్లు నా రాత చూసి వేశారు."

ఎక్కడా ఒక్క పులి లేదు, ఒక్క ఏనుగు లేదు. నా జన్మలో అంత చిన్న కథ చెప్పలేదు. డాక్టరు రాసుకున్నాడు. మా అమ్మాయి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

రిపోర్టు రావడానికి గంటన్నర పడుతుందన్నారు. ఆ గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. గోడ గడియారంలో పెద్దముల్లు ఒక్కో గీతకి ఆగి ఆగి కదులుతోంది. లోపల పిల్ల మళ్లీ కక్కుతుందేమోనని వింటున్నాను. ఓ నర్సు వచ్చి, "పెద్దాయనా, మీరూ ఏదో మందు తాగారట, కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగింది. "తలనొప్పి ఉండేది, తగ్గింది" అన్నాను. నిజంగానే తగ్గింది.

కాసేపటికి మా అమ్మాయి వచ్చి బెంచీ అటు చివర కూర్చుంది. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ.

"నువ్వు ఆ గళ్లు ఎందుకు వదిలేశావ్ నాన్నా?"

"అందంగా ఉండాలని."

నిజం అంతే. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. కళ్ల నీళ్లు వచ్చాయి గానీ తుడుచుకోలేదు, తుడుచుకుంటే తనకి కనపడుతుందని.

"కనీసం ఇవాళ అరిచావు" అంది. "అరిచినా నేను వినలేదు."

"వినకపోవడం నీ తప్పు కాదే. మొన్న మబ్బు చూపించింది ఎవరు?"

తను నవ్వలేదు. కానీ ఇద్దరు పట్టే ఖాళీలో ఒక్కరు పట్టేంత దగ్గరికి జరిగింది.

ఐదింటికి డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. ముగ్గురం లేచి నిలబడ్డాం. అతను మా డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే వస్తున్నాడు. మా వైపు బొటనవేలు ఎత్తాడు. రక్తంలో మందు మామూలుగా ఉండేదే, వైద్యం మొదలుపెట్టాల్సిన గీతకి చాలా కిందుంది. కాలేయం బాగుంది. వాంతి జ్వరంతో వచ్చిందే. అయినా ఈ పూట ఇక్కడే ఉంచి, పొద్దున ఇంకోసారి చూసి పంపిస్తానన్నాడు.

అల్లుడు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఇంత పెద్ద మనిషి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక నా మోకాలి మీద చెయ్యేసి, "మామయ్య గారూ, ఇక మీరు ఆపమంటే ఆపుతాను" అన్నాడు.

"వద్దు నాయనా. ముందు ఎందుకో అడుగు, అప్పుడు ఆపు."

పొద్దున రెండోసారి తీసిన రక్తం కూడా బాగుందన్నారు. పిల్ల నర్సు టోపీ అడిగింది, ఇవ్వకపోతే అలిగింది, అంటే పిల్ల తిరిగొచ్చింది. మధ్యాహ్నానికి కాస్త వెచ్చగా ఉంటే, అవసరమైతే మందు మళ్లీ మామూలు డోసులో మొదలుపెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పెట్టె మూత లోపలి అట్ట నేనే చింపేశాను. బంకతో అంటించినది, ఒక పట్టాన రాలేదు, గోళ్లతో గీకాను. దాని చోట డాక్టరమ్మ ఉత్తరం మొదటి పేజీ, చీమల అక్షరాలతో సహా, అలాగే అంటించాను.

మందు కొనడానికి వెళ్తూ అల్లుడు, "మీరు రండి" అన్నాడు. మా అమ్మాయి కూడా పిల్లని ఎత్తుకుని వచ్చింది.

ఆసుపత్రి పక్కన షాపు. కౌంటరు వెనక ఒక పెద్దావిడ. సిరప్ తీసి పెట్టింది. నేను సీసా అందుకుని వెలుగులోకి తిప్పి చదివాను. ఐదు ఎంఎల్‌లో రెండు వందల యాభై. ఇది మూడో బలం.

"అమ్మా, ఇది మా కాగితంలో రాసిన సీసా కాదు. మాకు నూట ఎనభై మిల్లీగ్రాములు కావాలి. దీంట్లో ఎన్ని ఎంఎల్ తీయాలి?"

"ఎంఎల్‌కి యాభై. అంటే మూడున్నర పైన, మూడు పాయింట్ ఆరు" అందావిడ. నేను మనసులో లెక్క వేసుకున్నాను, అల్లుడు ఫోన్లో వేశాడు, ఒక్కటే వచ్చింది. ఆవిడ చిన్న కాగితం అందుకుని సీసా మీద అంటించబోతూ పెన్ను ఆపింది. "పాప బరువు ఎంత? ఎప్పుడు చూశారు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. గిలక్కాయ కూడా చూసింది, పులి బరువు చెప్తాననుకుందో ఏమో.

"నిన్న సాయంత్రం చూశారమ్మా" అన్నాను. "పన్నెండు కిలోలు. కోటు లేకుండా, బూట్లు లేకుండా, జేబుల్లో రాళ్లు లేకుండా."